ఏడు కార్డుల్లో యాభై ఏళ్ల చరిత్ర: బడిపిల్లలకు కాలరేఖ కేరోసెల్ తయారుచేసే విధానం

విజయనగరం జిల్లాలో ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఎనిమిదో తరగతిలోకి వెళ్లి, బొబ్బిలి కోటను ముట్టడించినది ఎవరని అడిగి చూడండి. "ఇంగ్లీషువాళ్లు సార్" అన్న జవాబు తప్పకుండా వినిపిస్తుంది. నా తరగతిలో ఏటా వినిపిస్తూనే ఉంది. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. పాఠంలో 1757 అనగానే ప్లాసీ యుద్ధం గుర్తుకు వస్తుంది, బొబ్బిలి యుద్ధమూ 1757లోనే జరిగింది, కాబట్టి రెండుచోట్లా ఇంగ్లీషువారే ఉండి ఉంటారని పిల్లలు జతకట్టేస్తారు. నిజానికి బొబ్బిలి యుద్ధం జనవరి 24న జరిగింది, కోట మీద ఫిరంగులు పేల్చినది బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యం. ప్లాసీ యుద్ధం ఆ తరువాత ఐదు నెలలకు, జూన్ 23న, బెంగాలులో జరిగింది. సంవత్సరం మాత్రమే నేర్చుకున్న పిల్లవాడికి ఈ తేడా తెలియదు, సంఘటనలను వరుసలో పెట్టి చూసినవాడికి తెలుస్తుంది.

ఆ వరుసను ఫోనులో వేలితో జరుపుకుంటూ చూడగలిగే కార్డులుగా, అంటే కేరోసెల్‌గా, ఎలా తయారుచేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా మన ప్రాంతం కంపెనీ చేతుల్లోకి వెళ్లిన యాభై ఏళ్లను, 1753 నుంచి 1802 వరకు, తీసుకుంటున్నాను. పని అంతా ఒక ఆదివారంలో పూర్తవుతుంది, అయితే అందులో సగానికి పైగా సమయం బొమ్మలకు కాక వాక్యాలకు కేటాయించవలసి ఉంటుంది.

మొదట కాగితం మీద వరుస

కంప్యూటరు తెరవకముందే ఒక తెల్లకాగితం మీద సంఘటనలను రాయండి. ఏడుకు మించనివ్వకండి. తొమ్మిది, పది కార్డులు దాటితే పిల్లలు చివరివరకు రావడం లేదని నా అనుభవం. ఏ సంఘటన ఉండాలి, ఏది పోవాలి అని తేల్చడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది లేకపోతే తరువాతి కార్డు అర్థమవుతుందా? అర్థమయితే దానిని తీసివేస్తాను. విజయనగరం కోటకు 1713లో శంకుస్థాపన జరిగిన సంగతి మన పిల్లలకు ఎంతో ఇష్టమైనదే, కానీ ఈ కథకు అది అవసరం లేదు కనుక నా వరుసలో చోటు ఇవ్వలేదు. అది వేరే కాలరేఖలో రావలసిన విషయం.

నాకు మిగిలిన ఏడు ఇవి. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గర ఉన్న ఫ్రెంచి సైన్యం ఖర్చుల కోసం ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. వాటిలో శ్రీకాకుళం కేంద్రంగా ఉన్న చికాకోలు సర్కారు ఒకటి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. 1758లో విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువారిని పిలిచాడు, ఆ ఏడాది డిసెంబరులో నేటి కాకినాడ జిల్లాలోని చందుర్తి దగ్గర కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ బందరు కోటను పట్టుకున్నాడు. 1766 నవంబరులో నిజాం అలీ ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసుకుని సర్కారులపై దాని అధికారాన్ని అంగీకరించాడు. 1794 జూలై 10న విజయనగరం రాజుకూ ఇంగ్లీషు కంపెనీకీ మధ్య పద్మనాభం యుద్ధం జరిగింది. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒకే కార్డులో రెండు సంవత్సరాలు పెట్టకండి. సర్కారులను కంపెనీకి ఇస్తూ మొగలు చక్రవర్తి ఫర్మానా ఇచ్చినది 1765లో, నిజాంతో సంధి జరిగినది 1766లో. రెండూ ఒకే విషయానికి చెందినవే అయినా, కార్డు పైన పెద్ద అక్షరాలలో 1766 ఒక్కటే ఉండాలి. ఫర్మానా సంగతి లోపలి వాక్యంలో చెప్పవచ్చు.

పాఠం వాక్యం రాయడం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. ప్రతి కార్డులో తేదీ, సంఘటనను చెప్పే రెండు మూడు వాక్యాలు, వాటి కింద వేరే రంగులో ఒకే ఒక్క పాఠం వాక్యం ఉండాలి. సంఘటనకు ముప్పై మాటలు, పాఠానికి పదిహేను మాటలు హద్దుగా పెట్టుకోండి. పాఠం అంటే నీతివాక్యం కాదు. ఆ సంఘటన నుంచి మాత్రమే తెలిసే విషయమే పాఠం. దీనిని పరీక్షించే సులువైన పద్ధతి ఒకటుంది. సంఘటనను చేత్తో మూసి పాఠం వాక్యాన్ని మాత్రమే చదవండి. అది మరో కార్డు మీదకు కూడా సరిపోతుందనిపిస్తే అది పాఠం కాదు, కొట్టివేసి మళ్లీ రాయండి.

బొబ్బిలి కార్డుకు నేను రాసిన వాక్యాలను వరుసగా చూపిస్తాను. మొదట "బొబ్బిలి వీరుల త్యాగం చిరస్మరణీయం" అని రాశాను. అది భక్తితో రాసిన మాటే, కానీ పిల్లవాడికి దాని వల్ల కొత్తగా తెలిసినది ఏమీ లేదు. పద్మనాభం కార్డు మీద పెట్టినా అది అతుకుతుంది. రెండోసారి "ఐకమత్యం లేకపోవడమే మన పతనానికి కారణం" అని రాశాను. అది ఇంకా బలహీనమైనది, ఎందుకంటే చరిత్రలో ఓడిపోయిన ప్రతి యుద్ధానికీ ఆ మాట అంటించవచ్చు. అప్పుడు కలం పక్కన పెట్టి, ఆ రోజుల్లో జరిగినదేమిటో మళ్లీ చూశాను. విజయనగరం, బొబ్బిలి పొరుగు సంస్థానాలు, వాటి మధ్య సరిహద్దు తగాదాలు, నీటి తగాదాలు చాలాకాలంగా ఉన్నాయి. ఫ్రెంచివారి పక్షాన ఉన్న విజయనగరం రాజు విజయరామరాజు బుస్సీ సైన్యాన్ని బొబ్బిలి మీదకు నడిపించాడు. కోట కూలింది, బొబ్బిలి రాజు రంగారావుతో పాటు లోపలి వారు దాదాపు అందరూ మరణించారు. మూడో రోజు రాత్రి బొబ్బిలి పక్షంవారు విజయరామరాజును ఆయన డేరాలోనే చంపారు. అంటే గెలిచినవాడు కూడా బతకలేదు, నిలిచి ఉన్నది ఫ్రెంచివారు మాత్రమే. అప్పుడు మూడో వాక్యం వచ్చింది: "పొరుగు తగాదాకు బయటి ఫిరంగులను పిలిస్తే, గెలిచిన పక్షానికి కూడా రాజు దక్కలేదు." ఇది మరే కార్డుకూ సరిపోదు.

ఈ కార్డు విషయంలో నేను మరొక కారణంగా కూడా జాగ్రత్తపడతాను. మా బడిలో బొబ్బిలి వైపు నుంచి వచ్చిన పిల్లలూ, విజయనగరం కోట గోడ నీడలో పెరిగిన పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒక పక్షాన్ని వీరులుగా, రెండో పక్షాన్ని ద్రోహులుగా రాస్తే తరగతిలో చర్చ ఆగిపోయి వాదన మొదలవుతుంది. ఎవరు ఏమి చేశారో క్రియాపదాలతో చెప్పండి, బిరుదులతో కాదు. "పిలిచాడు", "ముట్టడించాడు", "మరణించాడు" అన్న మాటలు చాలు. అలాగే తాండ్ర పాపారాయుడి పేరు కార్డు మీద తప్పక ఉండాలి, లేకపోతే పిల్లలే అడుగుతారు. అయితే పాపారాయుడి గురించి మనకు తెలిసిన వివరాలలో చాలా భాగం బుర్రకథల ద్వారా, జనం నోటి ద్వారా వచ్చినది కనుక, ఆ వాక్యం ముందు "జనం చెప్పుకునే కథ ప్రకారం" అని చేర్చాను. రాతలో దొరికేదానికీ, పాటలో నిలిచినదానికీ ఉన్న తేడా పిల్లలకు తెలియడానికి ఆ నాలుగు మాటలు చాలు.

మిగిలిన ఆరు కార్డుల పాఠం వాక్యాలను కూడా ఇస్తున్నాను, మీ విద్యార్థులకు తగినట్టు మార్చుకోవచ్చు.

1753: "జీతాలకు డబ్బు లేని నిజాం, డబ్బుకు బదులు శిస్తు వసూలు చేసుకునే హక్కునే ఇచ్చేశాడు."

1758: "ఫ్రెంచివారిని వెళ్లగొట్టడానికి ఆనందరాజు ఇంకొక కంపెనీని పిలిచాడు, పెత్తందారు మారాడు, పద్ధతి మారలేదు."

1759: "రేవు చేజారితే సముద్రం మీదుగా సాయం రాదు, ఫ్రెంచివారి పట్టు బందరుతోనే సడలింది."

1766: "యుద్ధంలో గెలిచినదానిని కాగితం మీద రాయించుకున్న తరువాతే కంపెనీ దానిని హక్కుగా చూపగలిగింది."

1794: "కంపెనీ లెక్కలో నిన్నటి మిత్రుడు ఇప్పుడు పేష్కషు బకాయిదారు మాత్రమే."

1802: "జమీందారు కట్టవలసిన మొత్తానికి హద్దు వచ్చింది, రైతు కట్టే శిస్తుకు రాలేదు."

1794 వాక్యంలో "పేష్కషు" అన్న మాటను పిల్లలు తప్పకుండా అడుగుతారు. అది జమీందారు పైవారికి ఏటా కట్టవలసిన సొమ్ము. కార్డులో ఆ మాట పక్కనే ఆ అర్థం రాయండి, వేరే పట్టికలో పెట్టకండి. కార్డు వదిలి వెనక్కి వెళ్లి అర్థం చూసుకునే పిల్లలు చాలా తక్కువ.

కార్డుకూ కార్డుకూ మధ్య ముడి

పాఠాలు రాశాక ఏడు కార్డులనూ బల్ల మీద పరిచి, రెండు కార్డుల మధ్య "అందువల్ల" అన్న మాట పెట్టి పైకి చదవండి. అది సరిపోకపోతే "ఆ తరువాత" అని పెట్టి చూడండి. ఏ మాట నిజమో ఆ మాటనే తరువాతి కార్డు మొదటి వాక్యంలో వాడండి.

బొబ్బిలికీ చందుర్తికీ మధ్య "అందువల్ల" అని నేరుగా చెప్పడం సరికాదు. బొబ్బిలిలో గెలిచినవారు ఫ్రెంచివారు, మరి రెండేళ్లు తిరగకుండానే వారు ఓడిపోవడానికి కారణం ఏమిటి? ఆ మధ్యలో రెండు సంగతులు జరిగాయి. 1758లో ఫ్రెంచి సేనాని లాలీ దక్షిణాదిలో యుద్ధానికి బుస్సీని పిలిపించుకున్నాడు, బుస్సీ స్థానంలో కాన్‌ఫ్లాన్స్ మిగిలాడు. ఫ్రెంచివారితో పొసగని ఆనందరాజుకు అదే అదను. ఆయన విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుంచి పట్టుకుని ఇంగ్లీషువారికి కబురు పంపగా, బెంగాలు నుంచి క్లైవ్ ఫోర్డ్‌ను పంపాడు. బుస్సీ వెళ్లిపోయాడన్న ఒక్క వాక్యం చందుర్తి కార్డులో లేకపోతే పిల్లవాడికి ఆ మలుపు మాయలా కనిపిస్తుంది.

1766 నుంచి 1794 వరకు ఉన్న దూరాన్ని దాటేటప్పుడు మాత్రం "ఆ తరువాత" అనే రాయండి. ఇరవై ఎనిమిదేళ్ల పాటు పేష్కషు గొడవలు, విజయనగరం రాజకుటుంబంలో సీతారామరాజు పెత్తనం, మద్రాసు ప్రభుత్వ ఒత్తిళ్లు వంటివి ఎన్నో నడిచాయి. వాటన్నిటినీ ఒక్క "అందువల్ల"లో ఇరికిస్తే అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

కాలాన్ని కంటికి కనిపించేలా చేయడం

సాధారణంగా కేరోసెల్‌లో ప్రతి కార్డు ఒకే వెడల్పుతో ఉంటుంది కనుక, చూసేవారికి సంఘటనలన్నీ సమాన దూరంలో జరిగినట్టు అనిపిస్తుంది. మన వరుసలో 1757, 1758, 1759 పక్కపక్కనే ఉన్నాయి, 1766కూ 1794కూ మధ్య ఒక తరం కాలం ఉంది. ఈ తేడా చూపడానికి ప్రతి కార్డు అడుగున ఒక సన్నని గీతను, అంటే కాలరేఖను, గీయండి. ఏడు చుక్కలూ అన్ని కార్డుల్లోనూ ఉంటాయి, ఆ కార్డుకు చెందిన చుక్క ఒక్కటే ఎరుపు రంగులో ఉంటుంది.

కార్డు వెడల్పు 1080 పిక్సెళ్లు అనుకుందాం. రెండు పక్కలా 45 చొప్పున వదిలితే 990 మిగులుతుంది. 1750 నుంచి 1805 వరకు 55 ఏళ్లు కనుక ఏడాదికి సరిగ్గా 18 పిక్సెళ్లు వస్తాయి. ఎడమ అంచు నుంచి ప్రతి చుక్క ఎక్కడ పడాలో ఈ లెక్క చెబుతుంది:

```
x = 45 + (year - 1750) * 18
```

దీని ప్రకారం 1753 చుక్క 99 దగ్గర, 1757 చుక్క 171 దగ్గర, 1758 చుక్క 189 దగ్గర, 1759 చుక్క 207 దగ్గర, 1766 చుక్క 333 దగ్గర, 1794 చుక్క 837 దగ్గర, 1802 చుక్క 981 దగ్గర పడతాయి. చుక్క వెడల్పు 18 పిక్సెళ్లకు చేరితే 1757, 1758, 1759 చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కాబట్టి 12 లేదా 14 వద్దే ఆపండి. గీత మీద ఆ పొడవైన ఖాళీని చూసి "మధ్యలో ఏమీ జరగలేదా సార్" అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టడానికే నేను ఈ గీతను గీస్తాను, ఖాళీని నింపడానికి అనవసరమైన కార్డు చేర్చను.

కంప్యూటరు మీద పని

Google Slides తెరిచి, File లో Page setup, అందులో Custom ఎంచుకుని, కొలత Pixels గా మార్చి 1080 x 1350 ఇవ్వండి. నిలువుగా ఉండే ఈ కొలత ఫోను తెరను బాగా నింపుతుంది. మొదటి కార్డును పూర్తిగా తయారుచేసి, దానినే ఆరుసార్లు నకలు తీసి మాటలు మార్చండి. అప్పుడు తేదీ, సంఘటన, పాఠం ప్రతి కార్డులోనూ ఒకే చోట కనిపిస్తాయి, పిల్లల కన్ను వెతుక్కోవలసిన పని ఉండదు.

తెలుగు అక్షరాలకు Noto Sans Telugu లేదా Mandali వాడవచ్చు. అక్షరం పరిమాణం కన్నా వరుసల మధ్య దూరం గురించి ఎక్కువ ఆలోచించండి. ఇంగ్లీషుకు సరిపోయే దూరం పెడితే పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి, "శిస్తు", "పేష్కషు" వంటి మాటలు చదవడం కష్టమవుతుంది. దూరం 1.5 వరకు పెంచి, "స్తు" కింద ఒత్తు విడిగా కనిపిస్తున్నదో లేదో పెద్దది చేసి చూడండి. పూర్తయిన కార్డును ఫోనులోకి పంపుకుని, చేయి చాపినంత దూరంలో పెట్టి చదవడమే చివరి పరీక్ష. చదవలేకపోతే అక్షరం పెంచడానికి చోటు కోసం చూడకండి, మాటలు తగ్గించండి.

బొమ్మల విషయంలో సినిమా దృశ్యాలు ససేమిరా వద్దు. పాపారాయుడి విగ్రహాలూ చిత్రాలూ తరువాతి కాలపు శిల్పులు, చిత్రకారులు ఊహించి చేసినవి, వాడదలిస్తే కింద "ఊహాచిత్రం" అని రాయండి. వాటికన్నా మీరే స్వయంగా తీసిన ఫోటోలు మేలు. బొబ్బిలిలోని యుద్ధ స్మారక స్తంభం, విజయనగరం కోట ద్వారం, పద్మనాభం కొండ మనకు బస్సులో వెళ్లి వచ్చేంత దగ్గరలోనే ఉన్నాయి. విజయనగరానికీ భీమిలికీ మధ్య ఉన్న ఆ కొండ కిందనే యుద్ధం జరిగిందని తెలిస్తే, అటుగా పెళ్లిళ్లకు వెళ్లివచ్చిన పిల్లలు కార్డును మరింత శ్రద్ధగా చూస్తారు.

తరగతిలో పరీక్షించడం

ఎవరికీ పంపకముందే ఏడు కార్డులనూ ఏ4 కాగితాల మీద అచ్చు తీసి, తేదీనీ కింది గీతనూ మడిచి, కలిపేసి ఐదారుగురు పిల్లలకు ఇవ్వండి. వారిని వరుసలో పెట్టమనండి. వారు ఎన్ని తప్పులు చేశారన్నది కాక ఏ రెండు కార్డులను తారుమారు చేశారన్నది రాసుకోండి. తప్పు ఆ రెండు కార్డుల రాతలో ఉంటుంది.

నా మొదటి ప్రయత్నంలో నలుగురు పిల్లలు పద్మనాభాన్ని బొబ్బిలి పక్కన, చందుర్తికి ముందు పెట్టారు. ఎందుకలా పెట్టారని అడిగితే ఒక అమ్మాయి రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి, "విజయరామరాజు ఇక్కడ చనిపోయాడు కదా సార్, మళ్లీ ఇక్కడ ఎలా చనిపోతాడు? రెండూ ఒకటే అనుకున్నాం" అని వేలు పెట్టి చూపించింది. తప్పు పూర్తిగా నాదే. 1757లో డేరాలో మరణించినవాడు పెద విజయరామరాజు, 1794లో పద్మనాభం దగ్గర కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యంతో పోరాడి మరణించినవాడు చిన విజయరామరాజు. నేను రెండుచోట్లా "విజయరామరాజు" అని మాత్రమే రాశాను. పెద, చిన చేర్చి, రెండో కార్డులో "ఆనందరాజు తరువాత గద్దెనెక్కిన" అన్న మాటలు కలిపాక మరో జట్టుకు ఇస్తే ఆ తప్పు మళ్లీ రాలేదు.

పంపడం

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవడానికి పదమూడేళ్లు నిండాలి కనుక, ఎనిమిదో తరగతిలో చాలామందికి అది తగిన దారి కాదు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు మేలు. అయితే ఏడు చిత్రాలను విడివిడిగా పంపితే ఒక్కొక్క ఫోనులో ఒక్కొక్క వరుసలో దిగవచ్చు, నాణ్యత తగ్గి ఒత్తులు మసకబారవచ్చు. Slides లో File, Download, PDF అన్న వరుసలో వెళ్లి ఒకే ఫైలుగా దించి, దానిని డాక్యుమెంటుగా పంపండి. చిత్రాలుగానే పంపక తప్పకపోతే ప్రతి కార్డు మూలలో 1/7, 2/7 అని అంకె వేయండి, ఫైళ్లకు కూడా 01, 02 అని పేర్లు పెట్టండి. మొదటి కార్డు మూలలో చిన్న అక్షరాలతో తయారుచేసిన నెల, సంవత్సరం వేయండి. ఎవరైనా తప్పు చూపితే సరిదిద్ది మళ్లీ పంపినప్పుడు, తమ ఫోనులో ఉన్నది పాతదో కొత్తదో తల్లిదండ్రులకు ఆ తేదీ చూస్తే తెలుస్తుంది.